ఐటీఐ తర్వాత మెట్లు

ఐటీఐలో వెల్డర్, ప్లంబర్ కోర్సులు ఏడాదిలో అయిపోతాయి. ఎలక్ట్రీషియన్‌కు రెండేళ్లు, బీటెక్‌కు నాలుగేళ్లు పడుతుంది. పిల్లల చదువు మాట్లాడుకునేటప్పుడు చాలా ఇళ్లలో లెక్క ఇక్కడే ఆగిపోతుంది. ఆ తర్వాత ఎదిగే దారి ఏ పనిలో ఎలా ఉంటుందన్నదే నిజానికి ముందుగా అడగాల్సిన ప్రశ్న. డిగ్రీ ఒకసారి చేతికొస్తే జీవితాంతం చెల్లుతుంది. వెల్డర్ మాత్రం తన పనితనాన్ని మళ్లీ మళ్లీ నిరూపించుకోవాలి.

గేట్లు, గ్రిల్స్ చేసే షాపులో నేర్చుకున్న కుర్రాడికి రిఫైనరీలోనో, థర్మల్ కేంద్రంలోనో పైపు పని దొరకాలంటే సాధారణంగా 6జీ అనే పరీక్ష గట్టెక్కాలి. రెండు పైపు ముక్కలను 45 డిగ్రీల వాలులో కదలకుండా బిగిస్తారు. పైపు తిరగదు కాబట్టి వెల్డరే దాని చుట్టూ తిరుగుతూ పైనా, పక్కనా, కిందా అతకాలి. లోపలి మొదటి పొర ఎక్కువగా టిగ్‌తో వేస్తారు, దాని మీద రాడ్డుతో నింపుకొస్తారు. రాడ్డుకు తేమ తగిలితే అతుకులో గాలి బుడగలు, పగుళ్లు వస్తాయి. అందుకే దాన్ని ఓవెన్‌లో వేడిగా ఉంచి, కావలసినప్పుడే బయటికి తీస్తారు. అతుకు పైకి ఎంత నున్నగా ఉన్నా సరిపోదు. ఎక్స్‌రే తీస్తే, మొదటి పొర లోపలిదాకా కరగని చోట ఫిల్మ్ మీద నల్లటి గీత కనిపిస్తుంది. ఆ ఒక్క గీత చాలు, పరీక్ష పోయినట్టే.

నెగ్గినా ఆ అర్హత శాశ్వతం కాదు. ఎక్కువ కంపెనీలు పాటించే ఏఎస్ఎంఈ నిబంధనల ప్రకారం ఆరు నెలలు ఆ పద్ధతిలో వెల్డింగ్ చేయకపోతే అది పోతుంది. కంపెనీ మారితే మళ్లీ పరీక్ష పెట్టడం మామూలే. పొగ, వంగి చేసే పని వల్ల వయసుతో ఒళ్లు సహకరించదు కాబట్టి, వెల్డింగ్ ఇన్‌స్పెక్టర్ సర్టిఫికెట్ మీద ముందే కన్నేయడం మంచిది.

ఎలక్ట్రీషియన్‌ను ముందుకు తీసుకెళ్లేవి ప్రభుత్వ లైసెన్సులు: వైర్‌మన్ పర్మిట్, సూపర్‌వైజర్, ఆపైన కాంట్రాక్టర్. చదువు దారి కూడా మూసుకుపోదు. ఐటీఐ నుంచి పాలిటెక్నిక్ రెండో ఏడాదిలో చేరవచ్చు, డిప్లొమా తర్వాత ఈసెట్ రాసి బీటెక్ రెండో ఏడాదిలోకి వెళ్లవచ్చు.

ప్లంబర్‌కు ఇంత స్పష్టమైన దారి లేదు. అతన్ని మేస్త్రీ స్థాయికి తెచ్చేది డ్రాయింగ్ చదవడం, ఎస్టిమేట్ వేయడం, టైల్స్ పడకముందే లైన్లను ప్రెజర్ టెస్ట్ చేయడం. పైపుల్లో నీళ్లు నింపి, చేతిపంపుతో ఒత్తిడి పెంచి వదిలేస్తారు. కొన్ని గంటల తర్వాత గేజ్ ముల్లు దిగితే ఎక్కడో లీకు ఉన్నట్టు. ఈ పరీక్ష మానేసిన అపార్ట్‌మెంట్‌లో ఆ లీకు కింది ఫ్లాటు స్లాబు చెమ్మగిల్లాకే బయటపడుతుంది, అప్పటికి టైల్స్ పగలగొట్టక తప్పదు.