అమ్మగలిగితేనే అది ధర

2021 సెప్టెంబరులో నెట్‌ఫ్లిక్స్‌లో 'స్క్విడ్ గేమ్' అనే కొరియా సీరియల్ వచ్చింది. అప్పుల్లో మునిగినవాళ్లు డబ్బుకోసం ప్రాణాలకు తెగించి పిల్లల ఆటలు ఆడే కథ అది. లోకమంతా ఆ సీరియల్ గురించే మాట్లాడుకుంటున్న రోజుల్లో, అక్టోబరు చివర, SQUID అనే క్రిప్టో టోకెన్ ఒకటి మార్కెట్లోకి దిగింది. సీరియల్లోలాంటి ఆటలు ఆన్‌లైన్లో పెడతామని, ఆడాలంటే ఈ టోకెన్ కావాలని ప్రచారం చేశారు. నెట్‌ఫ్లిక్స్‌కు దీనితో ఏ సంబంధమూ లేదు. అయినా మొదట ఒక్క సెంటు ఉన్న ధర నవంబరు 1 నాటికి 2,861 డాలర్లు దాటింది. ఆ తర్వాత కొన్ని నిమిషాల్లోనే దాదాపు సున్నాకు పడిపోయింది. తయారుచేసినవాళ్లు సుమారు 33 లక్షల డాలర్లతో మాయమయ్యారు.

ఇలా సొమ్ము లాగేసుకుని పారిపోవడాన్ని క్రిప్టో లోకంలో రగ్ పుల్ అంటారు. కానీ ఆ చివరి నిమిషాలకంటే ముందు గడిచిన రోజులే మనం బాగా చూడాలి. కొన్నవాళ్లలో చాలామంది, ధర ఆకాశంలో ఉన్నప్పుడు కొంత అమ్ముకుని లాభం తీసుకుందామని చూశారు. అమ్మలేకపోయారు. ధర అంతగా పెరగడానికి కారణం కూడా అదే. కొనడానికి దారి ఉంది, అమ్మడానికి లేదు. అలాంటి చోట ధర పెరగడం తప్ప ఇంకేం చేస్తుంది?

ఇది ఎలా జరుగుతుందో అర్థం కావాలంటే ఇలాంటి టోకెన్లు అమ్ముడుపోయే చోటు గురించి కొంచెం తెలియాలి. SQUID వ్యాపారం పాన్‌కేక్‌స్వాప్ అనే వేదిక మీద నడిచింది. అక్కడ కొనేవాడి ఎదురుగా అమ్మేవాడు ఉండడు. లిక్విడిటీ పూల్ అనే ఉమ్మడి నిధి ఉంటుంది. అందులో ఒకవైపు కొత్త టోకెన్లు, రెండోవైపు నలుగురూ విలువ ఒప్పుకునే క్రిప్టో ఉంటాయి. ఈ రెండు సంఖ్యలనూ గుణిస్తే వచ్చే మొత్తం మారకుండా ఉండేలా ప్రోగ్రామే ధర కడుతుంది.

తేలిగ్గా ఉండడానికి రూపాయల్లో చూద్దాం. రుసుములు వదిలేద్దాం. ఒకడు 10 లక్షల టోకెన్లు సృష్టించి, 10 వేల టోకెన్లు, 10 వేల రూపాయలు నిధిలో పెట్టాడనుకోండి. మిగిలిన 9 లక్షల 90 వేలు తన దగ్గరే ఉంచుకున్నాడు. ఇప్పుడు టోకెన్ ధర ఒక రూపాయి. మీరు వెళ్లి 10 వేల రూపాయలు పెట్టి కొన్నారు. నిధిలో డబ్బు 20 వేలయింది కాబట్టి, గుణకారం మారకూడదంటే అందులో 5 వేల టోకెన్లే మిగలాలి. తక్కిన 5 వేలు మీకొచ్చాయి. ఇప్పుడు తెర మీద కనిపించే ధర 4 రూపాయలు. ఒక్క మనిషి కొంటేనే ధర నాలుగింతలైంది. మొత్తం 10 లక్షల టోకెన్లను 4 రూపాయలతో గుణించి "మార్కెట్ విలువ 40 లక్షలు" అని కూడా చూపిస్తారు. నిధిలో నిజంగా ఉన్నది 20 వేల రూపాయలే.

ఇప్పుడు సృష్టికర్త తన దగ్గరున్న 9 లక్షల 90 వేల టోకెన్లనూ ఒక్కసారిగా నిధిలోకి కుమ్మరిస్తే, అదే లెక్క ప్రకారం అతనికి దాదాపు 19,900 రూపాయలు వస్తాయి. నిధిలో మిగిలేది వంద రూపాయల చిల్లర. మీ 5 వేల టోకెన్లు మీ వాలెట్‌లో భద్రంగానే ఉంటాయి. వాటికిచ్చేందుకు అవతల డబ్బు లేదు, అంతే. SQUID గ్రాఫ్ కొండ మీదినుంచి లోయలోకి నిట్టనిలువుగా పడిపోయినట్టు కనిపించడానికి వెనక ఉన్నది ఇలాంటి లెక్కే. కొందరు ఇంతకూడా కష్టపడరు. నిధికి డబ్బు సమకూర్చినవాళ్లకు దాన్ని వెనక్కి తీసుకునే హక్కుపత్రంలాంటి ఎల్‌పీ టోకెన్లు వస్తాయి. వాటిని వాడి నిధినే ఖాళీ చేసి వెళ్లిపోతారు.

మరి కొన్నవాళ్లు ముందే అమ్మేసి నిధిలో డబ్బు తగ్గించేస్తే మోసగాడికి మిగిలేదేముంది? అందుకే అమ్మకాన్ని అడ్డుకుంటారు. టోకెన్ అంటే ఒక చిన్న ప్రోగ్రామ్. ఎవరు ఎవరికి పంపవచ్చో అందులోనే రాసి ఉంటుంది. SQUID అమ్మాలంటే మార్బుల్స్ అనే మరో టోకెన్ చేతిలో ఉండాలని షరతు పెట్టారు. ఆ మార్బుల్స్ ఆటల్లో గెలిస్తే వస్తాయన్నారు. ఆ ఆటలు మొదలే కాలేదు. ఈ షరతుకు వాళ్లు పెట్టిన పేరు "ధర పడిపోకుండా రక్షణ". కొనేవాళ్లను బంధించిన తలుపును రక్షణ అని ప్రచారపత్రంలోనే రాసుకున్నారు. అది చదివినవాళ్లలో చాలామంది నమ్మారు కూడా. నాకు ఈ కేసులో అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే. దాచిపెట్టి మోసం చేయలేదు, ముందే చెప్పి చేశారు.

గుర్తులు ఇంకా ఉన్నాయి. వెబ్‌సైట్‌లో అక్షరదోషాలు. టెలిగ్రామ్ ఛానల్లో బయటివాళ్లు వ్యాఖ్య రాయడానికి వీల్లేదు. ట్విటర్ ఖాతాకు జవాబివ్వనివ్వలేదు. "అమ్ముడుపోవడం లేదు" అని ఒకడు రాస్తే పదివేలమంది చదువుతారు కదా, ఆ నోరు ముందే కట్టేశారు. ధరల వివరాలిచ్చే కాయిన్‌మార్కెట్‌క్యాప్ హెచ్చరిక పెట్టింది. కూలిపోకముందే ఇది మోసమని రాసిన పత్రికలూ ఉన్నాయి. ధర వేల శాతం పెరిగిందన్న వార్త మాత్రం వీటన్నిటికంటే వేగంగా పాకింది.

మీకు ఎవరైనా కొత్త టోకెన్ చూపించి కొనమంటే, గ్రాఫ్ పక్కనపెట్టి అమ్మకాలు చూడండి. బీఎన్‌బీ స్మార్ట్ చెయిన్ మీది టోకెన్లయితే bscscan.com లో, ఇథీరియం మీదివైతే etherscan.io లో టోకెన్ చిరునామా వేస్తే ప్రతి లావాదేవీ కనిపిస్తుంది. వందలమంది కొంటున్నా, అమ్ముతున్నవి ఒకటి రెండు వాలెట్లే అయితే అక్కడితో ఆగిపోండి. అదే పేజీలో Holders అన్న చోట నొక్కితే ఎవరి దగ్గర ఎంత ఉందో తెలుస్తుంది. లిక్విడిటీ పూల్‌ను పక్కనపెట్టి చూసినప్పుడు సగానికి సగం ఒక్కరి దగ్గరే ఉంటే, మీ డబ్బు అతని దయ మీద ఆధారపడి ఉన్నట్టే. ఎల్‌పీ టోకెన్లకు తాళం వేశారా, ఎంతకాలానికి వేశారన్నదీ అడగాలి. వారం రోజుల తాళం వల్ల మోసం వారం ఆలస్యమవుతుందేమో గానీ ఆగదు.

చిన్న మొత్తం కొని, వెంటనే అమ్మి చూడమని కొందరు సలహా ఇస్తారు. అమ్మలేకపోతే విషయం తేలిపోతుంది, నిజమే. కానీ అమ్మగలిగితే మాత్రం ఏమీ తేలదు. షరతులు తర్వాత మార్చుకునే అధికారం యజమాని చేతిలో ఉండేలా ప్రోగ్రామ్ రాసుకోవచ్చు. మీరు పరీక్షించిన పొద్దున్న తెరిచి ఉన్న దారి సాయంత్రానికి మూసుకుపోవచ్చు. సొమ్ము బయటికి వచ్చే దారి ఎవరి చేతిలో ఉందన్న ప్రశ్న అప్పటికీ మిగిలే ఉంటుంది.

ఈ ప్రశ్న మిగతా మోసాల్లోనూ పనికొస్తుంది. 2020 జులై 15న బరాక్ ఒబామా, బిల్ గేట్స్, ఎలాన్ మస్క్ వంటివాళ్ల అసలు ట్విటర్ ఖాతాల్లోంచే ఒక ప్రకటన వచ్చింది. ఫలానా చిరునామాకు బిట్‌కాయిన్ పంపితే రెట్టింపు తిరిగిస్తామని దాని సారాంశం. హ్యాకర్లు ట్విటర్ లోపలి పనిముట్లనే చేజిక్కించుకున్నారు. కొన్ని గంటల్లో లక్ష డాలర్లకు పైగా పోగయ్యాయి. కాబట్టి పేరు పక్కన గుర్తు ఉందా, ఖాతా అసలుదేనా అన్న పరీక్ష ఒక్కటే చాలదు. పంచిపెట్టేవాడికి మీ చిరునామా తెలిస్తే చాలు, మీ డబ్బుతో పనిలేదు. "చిరునామా సరైనదో కాదో చూడటానికి ముందు కొంత పంపండి" అన్నమాటలో అర్థం లేదు. వాళ్లిచ్చిన చిరునామాను పైన చెప్పినలాంటి సైట్లలోనే వెతికితే, లోపలికి వచ్చిన సొమ్ము కనిపిస్తుంది. పంపినవాళ్లకు రెట్టింపై తిరిగి వెళ్లిన జాడ ఉండదు.

కస్టమర్ కేర్ వేషంలో వచ్చేవాళ్లది ఇంకా పొట్టిదారి. వాలెట్ పనిచేయడం లేదని మీరు ఎక్కడైనా రాయగానే, సంస్థ లోగో పెట్టుకున్నవాడు ఒకడు "సార్, సాయం చేస్తాను" అంటూ విడిగా మెసేజ్ పెడతాడు. చివరికి 12 లేదా 24 ఆంగ్ల పదాల వరుస అడుగుతాడు. ఆ పదాలే వాలెట్. అవి తెలిసినవాడు లోకంలో ఏ మూలనుంచైనా అందులోది మొత్తం ఊడ్చుకోగలడు. నిజమైన సంస్థ వాటిని ఏ కారణానికీ అడగదు.

ఇక నెలకింత గ్యారంటీ అనేవాళ్లు. మన దేశంలో గెయిన్‌బిట్‌కాయిన్ అనే పథకం 2015లో మొదలైంది. బిట్‌కాయిన్ ఇస్తే మైనింగ్ చేసి నెలకు 10 శాతం చొప్పున 18 నెలలు ఇస్తామన్నారు. అంటే ఒక బిట్‌కాయిన్‌కు 1.8 బిట్‌కాయిన్లు. మైనింగ్‌లో వచ్చే బహుమతి దాదాపు నాలుగేళ్లకోసారి సగానికి తగ్గుతుందని బిట్‌కాయిన్ నియమం. 2016 జులైలో అది 25 నుంచి 12.5 కు తగ్గబోతోందని అందరికీ ముందే తెలుసు. తగ్గబోతున్న పంటమీద తగ్గని కౌలు రాసిచ్చారన్నమాట. చెల్లించలేని రోజు వచ్చాక బిట్‌కాయిన్‌కు బదులు ఎంక్యాప్ అనే సొంత టోకెన్ చేతిలో పెట్టారు. దానికి బయట విలువ నిలవలేదు. ఆ కేసులు చివరికి సీబీఐ దాకా వెళ్లాయి.

ఇప్పుడు వాట్సాప్, టెలిగ్రామ్ గ్రూపుల్లో నడుస్తున్న నకిలీ ట్రేడింగ్ యాప్‌లది కొంచెం మెరుగుపెట్టిన పద్ధతి. మొదట ఐదు వేలో పది వేలో నిజంగానే మీ ఖాతాకు విత్‌డ్రా చేయనిస్తారు. ఆ నమ్మకంతో లక్షలు పెట్టాక, తెర మీద కనిపించే లాభం తీసుకోవాలంటే ముందు పన్ను కట్టమంటారు, తర్వాత రుసుమంటారు. ఉన్న నిల్వలోంచే మినహాయించుకోమని అడిగి చూడండి. కుదరదంటారు, ఎందుకంటే నిల్వ అన్నది తెర మీద అంకె మాత్రమే.

డబ్బు ఇప్పటికే పోయినవాళ్లకు ఒక మాట. వెంటనే 1930 కి ఫోన్ చేయండి, cybercrime.gov.in లో ఫిర్యాదు పెట్టండి. బ్యాంకు నుంచో యూపీఐ నుంచో వెళ్లిన సొమ్ము ఇంకా ఎవరి ఖాతాలోనైనా ఉంటే ఆపించే అవకాశం ఉంటుంది. అది క్రిప్టోగా మారి వాలెట్లు దాటాక చాలా కష్టం. బ్యాంకు లావాదేవీ యూటీఆర్ నంబరు, మీరు పంపిన వాలెట్ చిరునామా, లావాదేవీ హ్యాష్, చాట్ స్క్రీన్‌షాట్లు ఒకచోట పెట్టుకోండి. సిగ్గుపడి గ్రూపులోంచి బయటికి వచ్చేసి చాట్ చెరిపేస్తే ఆధారాలూ వాటితోపాటే పోతాయి. కొన్నాళ్లకు "మీ డబ్బు వెనక్కి తెప్పిస్తాం, ముందు ఫీజు కట్టండి" అని ఇంకొకడు ఫోన్ చేయవచ్చు. మోసపోయినవాళ్ల నంబర్లు మోసగాళ్ల మధ్య చేతులు మారుతుంటాయి. వాడికి రూపాయి కూడా కట్టకండి, వాడి నంబరును కూడా అదే ఫిర్యాదులో చేర్చండి.