యాడ్‌కు డబ్బు పోసే ముందు

విజయవాడలో ఒక కుటుంబం రాగి మాల్ట్ తయారుచేసి, ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ యాడ్ల ద్వారా అమ్మాలనుకుందని అనుకుందాం. అరకిలో ప్యాకెట్ ధర 350 రూపాయలు. సరుకుకు, ప్యాకింగ్‌కు 120, కొరియర్‌కు 80 పోగా 150 మిగులుతుంది. ఆర్డర్‌కు యాడ్ ఖర్చు 150 దాటకపోతే చాలనుకుంటే పొరపాటే. క్యాష్ ఆన్ డెలివరీలో వందకు ఇరవై పార్సిళ్లు వెనక్కి వచ్చాయనుకోండి. సరుకు చెడకపోయినా, రానూపోనూ కొరియర్ ఖర్చు మన నెత్తినే పడుతుంది. చేరిన ఎనభై మీద మిగిలే 12,000 లోంచి 3,200 అలా పోతుంది. అంటే ఆర్డర్‌కు నిజంగా మిగిలేది 88 రూపాయలే. యాడ్ వేయకముందే ఈ అంకె చేతిలో ఉండాలి.

మొదట ఎవరు కొంటారో తేల్చుకోవాలి. ఒకే వీడియో, ఒకే ధర పెట్టి చిన్నపిల్లల తల్లులకు, జిమ్‌కు వెళ్లేవాళ్లకు, బెంగళూరులో ఉంటున్న తెలుగువాళ్లకు విడివిడిగా చూపించాలి. వీడియో కూడా మారిస్తే తేడా దేనివల్ల వచ్చిందో తెలియదు. ఒక గుంపుకు 88కి మూడింతలు, అంటే 264 రూపాయలు ఖర్చయినా ఒక్క ఆర్డరూ రాకపోతే ఆపేయవచ్చు. 88కే ఆర్డర్ తెచ్చే యాడ్‌కు అలా జరిగే అవకాశం వందకు ఐదే. కానీ ఒకచోట మూడు, మరోచోట ఆరు ఆర్డర్లు వచ్చాయని విజేతను ప్రకటించకండి. అంత తేడా కాకతాళీయంగానూ వస్తుంది. కనీసం ముప్ఫై ఆర్డర్లయినా చూడాలి.

గుంపు తేలాక వీడియోలు మార్చి చూడాలి. రాగులు మొలకెత్తించి, ఎండబెట్టి, వేయించే వీడియో ఒకటి, తల్లి పిల్లాడికి తాగించే వీడియో ఒకటి. లైకులు ఎక్కువ వచ్చిన వీడియోకే ఆర్డర్లు ఎక్కువ రావాలని లేదు. డబ్బు చెల్లించినవాళ్లనే లెక్కపెట్టాలి.

తర్వాత ఆఫర్. చాలాసార్లు తలరాత మారేది ఇక్కడే. ఆర్డర్‌కు యాడ్ ఖర్చు 130 పడుతోందనుకుందాం. ఒక్క ప్యాకెట్ మీద 42 రూపాయల నష్టం. రెండు ప్యాకెట్లు కలిపి 650కి పెడితే, సరుకు 240, కొరియర్ 100 పోగా 310 ఉంటుంది. వాపసులు అంతే ఉన్నా ఆర్డర్‌కు 208 మిగులుతుంది. అదే యాడ్ 78 రూపాయల లాభం తెస్తుంది.

ఇక ఖర్చు పెంచడం. రోజుకు 1,300 పెడితే పది ఆర్డర్లు వస్తున్నాయని ఒక్కసారే 2,600 చేస్తే, పదిహేనే రావచ్చు. సగటు 173 కాబట్టి లాభంగానే కనిపిస్తుంది. కానీ అదనపు 1,300కి వచ్చినవి ఐదే. అవి ఒక్కొక్కటి 260 పడ్డాయి, 208 కంటే 52 ఎక్కువ. అందుకే కొద్దికొద్దిగా పెంచుతూ, పెంచిన డబ్బుకు వచ్చిన ఆర్డర్లను విడిగా లెక్కకట్టండి. వాటి ఖర్చు 208 దాటిన చోట పెంపు ఆపేయండి.