ఫ్రిజ్ ఆగిన తెల్లారి ఏది ఉంచాలి, ఏది పారేయాలి

తలుపు తీస్తే లైటు వెలుగుతోంది కానీ లోపల చల్లదనం లేదు. కంప్రెసర్ మొరాయిస్తే ఇలాగే ఉంటుంది. కరెంటు పోతే ఫ్యాన్ ఆగి మెలకువ వస్తుంది, ఇది మాత్రం ఎప్పుడు ఆగిందో తెలియదు. అందుకే ముందుగా ఐసు ట్రే చూడాలి. గడ్డలు గట్టిగా ఉంటే ఆగి ఎంతోసేపు కాలేదు. అంతా నీళ్లయితే చాలా గంటలైనట్టే.

లోపల 4 డిగ్రీలు దాటకుండా ఉంటే క్రిములు పెరగడం బాగా నెమ్మదిస్తుంది. తలుపు తీయకుండా ఉంచితే ఆ చలి దాదాపు 4 గంటలు నిలుస్తుంది. మే నెలలో రాత్రి 11కి ఫ్రిజ్ ఆగి, ఉదయం 6కి చూశామనుకుందాం. 3 గంటల దాకా పర్వాలేదు. ఆ తర్వాత మూడు గంటలు లోపలి వస్తువులన్నీ వేడెక్కుతూనే ఉన్నాయి. వండిన పదార్థాలు 4 డిగ్రీలు దాటాక 2 గంటలకు మించి ఉంటే తినకూడదన్నది ఆహార భద్రతలో పాటించే లెక్క. కాబట్టి రాత్రి మిగిలిన అన్నం, పప్పు, సాంబారు, కోడికూర, కొబ్బరి పచ్చడి, ఉడికించిన గుడ్లు పారేయాల్సిందే.

“మళ్లీ మరిగిస్తే సరి” అనేవాళ్లు ప్రతి ఇంట్లో ఒకరుంటారు. మరిగిస్తే చాలా క్రిములు చస్తాయి, నిజమే. కానీ అన్నంలో పెరిగే బాసిల్లస్ సెరియస్, చేతుల నుంచి కూరల్లోకి చేరే స్టఫైలోకోకస్ అప్పటికే విషాన్ని వదిలిపెట్టి ఉండొచ్చు. వాంతులు తెప్పించే ఆ విషం మరిగించినా పోదు. దానికి వాసన కూడా ఉండదు. అందుకే ముక్కును నమ్మడం, కొంచెం నాలిక మీద వేసుకుని చూడడం రెండూ పనికిరావు. పాలు, పనీర్ కూడా వదులుకోవాలి. పాలు విరిగాయి కదా, కోవా చేద్దామనుకోవద్దు.

పులుపు, ఉప్పు, నూనె ఉన్నవాటి సంగతి వేరు. ఆవకాయకు అసలు ఫ్రిజ్ అక్కర్లేదు. పెరుగు పులుస్తుందంతే, మజ్జిగ పులుసుకు బాగుంటుంది. ఇడ్లీ పిండి కూడా అంతే, కాకపోతే పైన రంగు మచ్చలుంటే పారేయాలి. నెయ్యి, కోయని కూరగాయలు, పండ్లు నిశ్చింతగా వాడుకోవచ్చు. కొట్లో బయటే పెట్టి అమ్మే పచ్చి గుడ్లను పగుళ్లు లేకపోతే ఆ రోజే పూర్తిగా ఉడికించి తినేయండి.

డీప్ ఫ్రీజర్‌లోని చేపలు, మాంసం విషయంలో తొందరపడనక్కర్లేదు. నిండుగా ఉన్న ఫ్రీజర్‌ను తెరవకపోతే సుమారు 48 గంటలు, సగమే నిండితే 24 గంటలు చలి నిలుస్తుంది. ముక్కల్లో ఐసు పలుకులు తగులుతుంటే మళ్లీ గడ్డకట్టించవచ్చు, రుచి కొంత తగ్గుతుంది. సింగిల్ డోర్ ఫ్రిజ్‌లోని చిన్న అరకు ఈ లెక్కలు వర్తించవు.

బాగుచేయించాక ఓ చిన్న గ్లాసులో నీళ్లు గడ్డకట్టించి, పైన రూపాయి బిళ్ల పెట్టి ఫ్రీజర్‌లో వదిలేయండి. ఊరెళ్లి వచ్చేసరికి బిళ్ల అడుక్కి చేరి ఉంటే, ఐసు గట్టిగానే ఉన్నా, మధ్యలో అంతా కరిగి మళ్లీ గడ్డకట్టిందన్నమాట.