ఆరు వారాల్లో పదో తరగతి: గంటలు పంచుకునేదెలా?

పరీక్షలు దగ్గర పడగానే చాలామంది పిల్లలు సోమవారం తెలుగు, మంగళవారం హిందీ అంటూ అన్ని సబ్జెక్టులకూ సమానంగా గంటలు రాసుకుంటారు. పైకి పద్ధతిగానే కనిపించినా, మార్కులు ఎక్కడ పోతున్నాయో ఆ కాగితానికి తెలియదు. అందుకే టైమ్‌టేబుల్ వేసేముందు ఈమధ్య రాసిన పరీక్ష జవాబుపత్రాలు ముందేసుకోవాలి.

ఆంధ్రప్రదేశ్‌లో పదో తరగతి చదివే ఒక అమ్మాయి అనుకుందాం. లెక్కల్లో నూటికి 42, సోషల్‌లో 58, భౌతిక శాస్త్రంలో యాభైకి 24 వచ్చాయి. జీవశాస్త్రం, భాషలు ఫరవాలేదు. బడి ఉన్న రోజుల్లో ఇంటి దగ్గర చదివేది ఉదయం రెండు గంటలు, రాత్రి రెండు గంటలు. ఆదివారం వదిలేస్తే వారానికి 24 గంటలు.

వాటిలో లెక్కలకు ఆరు గంటలు, రోజూ ఉదయం మొదటి గంట. భౌతిక శాస్త్రానికి ఐదు, సోషల్‌కు ఐదు, జీవశాస్త్రానికి రెండు. మూడు భాషలకు తలా రెండు. గడిలో 'లెక్కలు' అని ఊరుకోకుండా 'త్రికోణమితి, మొదటి అభ్యాసం' అని రాసుకోవాలి. అప్పుడే గంట అయ్యాక పని పూర్తయిందో లేదో తేలుతుంది. సోమవారం చదివిన పాఠాన్ని బుధవారం పుస్తకం మూసి పది నిమిషాలు రాసి చూసుకోవాలి. గుర్తురానిదే మళ్లీ చదవాలి.

ఆదివారం ఉదయం 9.30 నుంచి 12.45 వరకు, అసలు పరీక్ష వేళకే, ఒక పాత ప్రశ్నపత్రం రాయాలి. సైన్స్ పేపరైతే రెండు గంటలే. మధ్యాహ్నం దాన్ని దిద్దుకుని, తప్పుల్ని మూడు రకాలుగా విడదీయాలి: తెలియక పోయినవి, తెలిసీ తొందరలో పోయినవి, టైం చాలక వదిలేసినవి. మొదటి రకం ఎక్కువుంటే వచ్చే వారం ఆ పాఠానికి గంటలు పెంచాలి. మూడో రకం ఎక్కువుంటే చదవడం కాదు, గడియారం పెట్టుకుని రాయడం పెంచాలి.

ఆదివారం సాయంత్రం రెండు గంటలు ఖాళీగా ఉంచాలి. జ్వరమో, పెళ్లో, కరెంటు కోతో వచ్చి వెనకబడ్డ పనులు అక్కడ తీరతాయి. వరుసగా రెండు వారాలు ఆ గంటలూ చాలలేదంటే లక్ష్యాలు బరువయ్యాయని అర్థం. నిద్రను కాదు, జాబితాను తగ్గించుకోవాలి.

మొదటి మూడు వారాలు మిగిలిన పాఠాలకు, నాలుగు, ఐదు వారాలు పునశ్చరణకు, పాత పేపర్లకు. ఆరో వారంలో పరీక్షల వరుసకు తగ్గట్టు తిరగేయడమే. మూడో వారం చివరికీ ముట్టని పాఠాలుంటే, తక్కువ మార్కులొచ్చేవాటిని టీచర్‌ని అడిగి గుర్తించి పక్కన పెట్టడం మేలు. వాటి కోసం వచ్చిన పాఠాల పునశ్చరణ మానేస్తే, చేతిలో ఉన్న మార్కులే జారిపోతాయి.