బడిలో సెల్‌ఫోన్: నిషేధం దేనిపై, ఎంతవరకు?

బడుల్లో సెల్‌ఫోన్ల వాడకాన్ని నిషేధిస్తూ ఆంధ్రప్రదేశ్ పాఠశాల విద్యాశాఖ 2023 ఆగస్టులో ఉత్తర్వులిచ్చింది. పిల్లలు బడికి ఫోన్ తేకూడదు. టీచర్లు కూడా తరగతికి వెళ్లేముందు తమ ఫోన్లను హెడ్మాస్టరు గదిలో అప్పగించాలి. అంతకు నెల ముందు వచ్చిన యునెస్కో నివేదికే ఈ నిర్ణయానికి ఊతం. అయితే అదే టీచర్లు యాప్‌లో హాజరు వేయాలన్నా, మధ్యాహ్న భోజనం ఫొటోలు ఎక్కించాలన్నా ఆ ఫోనే దిక్కు. పైగా 2022 డిసెంబరులో అదే ప్రభుత్వం ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబ్‌లు పంచింది. చూడగానే ఇవి ఒకదానికొకటి పొసగనట్టే ఉంటాయి. నిజానికి వీటి మధ్య తగువేమీ లేదు. టీచరు చెప్పినప్పుడు తెరిచి, పాఠం అయ్యాక మూసే ట్యాబ్ వేరు. రోజంతా జేబులో ఉండి, ఎప్పుడు మోగుతుందో తెలియని సొంత ఫోన్ వేరు. నిషేధం గురించి మాట్లాడే ముందు ఈ తేడాను గుర్తుపెట్టుకోవాలి.

ఫోన్ చేసే నష్టంలో మొదటిది ఏకాగ్రత చెదరడం. లెక్కల పాఠంలో ఒక మెట్టు దగ్గర ఫోన్ వణికిందనుకుందాం. పిల్లవాడు దాన్ని తీసి చూడకపోయినా ఎవరు పంపారో అన్న ఆలోచన మొదలవుతుంది. ఈలోగా టీచరు మూడో మెట్టుకు వెళ్లిపోతారు. రెండో మెట్టు తెలియని వాడికి మూడోది అర్థం కాదు. ఒకసారి చెదిరిన ధ్యాస మళ్లీ పూర్తిగా పాఠం మీదికి రావడానికి ఇరవై నిమిషాల దాకా పట్టవచ్చని యునెస్కో నివేదిక చెబుతోంది. నలభై, నలభై అయిదు నిమిషాల పీరియడ్‌లో అది దాదాపు సగం.

మరి ఫోన్లు తీసేస్తే మార్కులు పెరుగుతాయా? ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్, లండన్, లెస్టర్, మాంచెస్టర్ నగరాల్లో 91 బడుల ఫలితాలను లూయీ ఫిలిప్ బెలాండ్, రిచర్డ్ మర్ఫీ అనే ఆర్థికవేత్తలు పరిశీలించి 2015లో వెల్లడించారు. ఆ బడులు వేర్వేరు సంవత్సరాల్లో నిషేధం తెచ్చాయి కాబట్టి, నిషేధానికి ముందూ తర్వాతా ఫలితాలను పోల్చి చూడటం వీలైంది. సగటున మార్కులు కొద్దిగా పెరిగాయి. ఆ లాభం ఎక్కువగా దక్కింది చదువులో వెనకబడిన పిల్లలకు. ముందు వరుసలో ఉన్న పిల్లల మార్కుల్లో చెప్పుకోదగ్గ మార్పు లేదు. బాగా చదివే పిల్లకు ఫోన్ ఉన్నా దాన్ని పక్కన పెట్టే అదుపు ఉంటుందేమో, లేదా పోయిన పాఠాన్ని ఇంట్లో ఎవరో ఒకరు చెబుతారేమో. ఇంట్లో చదువు చెప్పేవారు లేని పిల్లకు తరగతిలో పోయిన పాఠం మళ్లీ దొరకడం కష్టం. మన ప్రభుత్వ బడుల పిల్లల్ని దృష్టిలో పెట్టుకుంటే నిషేధానికి ఇంతకన్నా బలమైన కారణం అక్కర్లేదు.

అయితే నిషేధం నుంచి అంతకు మించి ఆశించకూడదు. స్వీడన్‌లో ఇదే తీరులో చేసిన పరిశీలనలో మార్కులు పెరిగిన జాడ కనబడలేదు. బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయం 30 బడుల పిల్లల మీద చేసి 2025లో ప్రచురించిన అధ్యయనంలోనైతే, ఫోన్లు నిషేధించిన బడుల పిల్లల మానసిక ఆరోగ్యం మిగతా వారి కన్నా మెరుగ్గా ఏమీ లేదు. వాళ్లు రోజు మొత్తంలో ఫోన్ మీద గడిపే సమయంలోనూ పెద్ద తేడా లేదు. బడి పెట్టే నియమం బడి వేళల్నే కాపాడగలదు. రాత్రి పదింటి దాకా సాగే రీల్స్ సంగతి ఇంట్లోనే తేల్చుకోవాలి.

తల్లిదండ్రులు ఎక్కువగా అడిగేది భద్రత గురించి. ఆడపిల్ల ఆటోలోనో, ఊరి చివర బస్సు దిగి నడిచో ఇంటికి రావాలి. ఒక్కోరోజు వాన వల్ల మధ్యాహ్నమే బడి వదిలేస్తారు. ఈ భయాన్ని కొట్టిపారేయలేం. 2025లో ఒక విద్యార్థి కేసులో ఢిల్లీ హైకోర్టు కూడా దీన్ని లెక్కలోకి తీసుకుంది. స్మార్ట్‌ఫోన్ తెచ్చుకోవడాన్నే పూర్తిగా నిషేధించడం సరికాదని, వీలున్న చోట బడిలో అడుగుపెట్టగానే అప్పగించి ఇంటికెళ్లేటప్పుడు తీసుకునే ఏర్పాటు ఉండాలని చెప్పింది. తరగతి గదిలో ఫోన్ వాడకూడదు. కెమెరా, రికార్డింగ్ బడి ఆవరణలో ఎక్కడా కూడదు. ఈ చివరి షరతు కూడా భద్రత కోసమే. తోటి పిల్లల ఫొటో తీసి, మార్చి, గ్రూపుల్లో తిప్పే ముప్పు బడి లోపలే ఉంటుంది. ఫోన్ అవసరమయ్యేది దారిలో, ప్రమాదమయ్యేది ఆవరణలో. అందుకే తెచ్చుకోనిచ్చి దాచిపెట్టడమే న్యాయమైన పద్ధతి.

దాచే పద్ధతి సరిగా లేకపోతే నియమం నెల తిరిగేలోగా చచ్చిపోతుంది. ఎనిమిది నుంచి పది దాకా 300 మంది ఉన్న బడిలో 60 మంది ఫోన్లు తెస్తారనుకుందాం. అన్నీ ఒకే డబ్బాలో వేస్తే సాయంత్రం గుమ్మం దగ్గర తోపులాట, తెర పగిలిందని గొడవ. తరగతికో సంచి, అందులో నంబర్లు వేసిన అరలు ఉంటే ఒక్కో సంచిలో ఇరవై ఫోన్లే. మొదటి పీరియడ్‌లో క్లాస్ టీచరు హాజరుతో పాటే ఫోన్లు తీసుకుని రిజిస్టర్లో నంబరు రాయాలి. సంచి ఆఫీసు బీరువాలోకి వెళ్లి తాళం పడాలి. ఆఖరి పీరియడ్‌లో అదే వరుసలో తిరిగివ్వాలి. పాత, పనిచేయని ఫోన్ ఒకటి అప్పగించి అసలుది సాక్సులో దాచుకునే పిల్లలూ ఉంటారు. తీసుకునేటప్పుడు తెర వెలిగించి చూపమంటే ఆ ఎత్తు చాలావరకు పారదు. నియమం నడుస్తోందో లేదో ఇంటర్వెల్‌లో మరుగుదొడ్ల వైపు వెళ్లి చూస్తే తెలిసిపోతుంది. దొరికిన ఫోన్‌ను పగలగొట్టడం, అందులో ఏముందో తెరిచి చూడటం టీచరు పని కాదు. తల్లినో తండ్రినో పిలిపించి వారి చేతికివ్వాలి. చక్కెర స్థాయిని ఫోన్లో చూసుకోవాల్సిన టైప్ 1 డయాబెటిస్ పిల్లలకు మినహాయింపు తప్పనిసరి. 2018లో దేశమంతటా బడుల్లో ఫోన్లను నిషేధించిన ఫ్రాన్స్ కూడా వైకల్యం, అనారోగ్యం ఉన్న పిల్లల అవసరాలకు మినహాయింపునిచ్చింది.

ఫోన్ లేకపోతే డిజిటల్ కాలంలో పిల్లలు వెనకబడతారనే వాదన ఒకటుంది. అసర్ 2024 నివేదిక ప్రకారం మన గ్రామాల్లో 14 నుంచి 16 ఏళ్ల పిల్లల్లో 82 శాతం మందికి స్మార్ట్‌ఫోన్ వాడటం వచ్చు. వారిలో ముందు వారం సోషల్ మీడియా చూసినవారు 76 శాతం, చదువు కోసం వాడినవారు 57 శాతం. సోషల్ మీడియా వాడే పిల్లల్లోనూ తమ ప్రొఫైల్‌ను బయటివారికి కనబడకుండా పెట్టుకోవడం తెలిసింది సగం మందికి పైచిలుకే. వేళ్లతో తెర జరపడం వాళ్లకు ఎవరూ నేర్పనక్కర్లేదు. నేర్పాల్సింది నకిలీ లింకును పసిగట్టడం, పాస్‌వర్డ్ కాపాడుకోవడం, వచ్చిన వార్త నిజమో కాదో చూసుకోవడం, ఒక పట్టిక తయారుచేయడం. ఇవి జేబులో ఫోన్ ఉన్నంత మాత్రాన రావు. వారానికో పీరియడ్ పెట్టి, బడి కంప్యూటర్ మీదో ట్యాబ్ మీదో చేయిస్తే వస్తాయి. కంప్యూటర్ గదికి తాళం వేసిన బడి ఫోన్‌ను మాత్రం నిషేధిస్తే పిల్లలకు న్యాయం చేసినట్టు కాదు.

కాబట్టి పదో తరగతి దాకా పిల్లల సొంత ఫోన్ ఉదయం గంట నుంచి సాయంత్రం గంట దాకా బీరువాలోనే ఉండాలి. ఆఫీసులో ఎత్తే మనిషి ఉన్న ఒక ఫోన్, దాని నంబరు ప్రతి ఇంటి దగ్గర ఉండాలి. తల్లిదండ్రులకు విన్నపం ఒక్కటే: బడి వేళల్లో అత్యవసరమైతే పిల్లల ఫోన్‌కు కాకుండా ఆ నంబరుకే చేయండి.