హాయ్‌కి జవాబు రెండు ముక్కల్లో

రక్తపరీక్షలు చేసే ల్యాబ్ ఒకటి ఉందనుకుందాం. పొద్దున ఏడున్నరకి ఒకాయన ఆ ల్యాబ్ వాట్సాప్ నంబరుకి ‘హాయ్’ అని పెట్టాడు. తల్లికి షుగర్ పరీక్ష చేయించాలి. ఆవిడకి లేవగానే టీ పడాలి. ఇవాళ తాగొచ్చా, వద్దా? ఆయన అడగాల్సింది అంతే. ఆ ప్రశ్న ఇంకా టైపు చేస్తుండగానే జవాబు వచ్చిపడింది.

“నమస్కారం! మా ల్యాబ్‌కి స్వాగతం. ఎన్నో ఏళ్ళుగా ఆధునిక యంత్రాలతో, అనుభవం ఉన్న సిబ్బందితో మీకు నాణ్యమైన సేవలు అందిస్తున్నాం. రక్తపరీక్షలు, స్కానింగు, ఎక్స్‌రే, ఇంటికి వచ్చి శాంపిల్ తీసుకునే సదుపాయం అన్నీ ఒకేచోట లభిస్తాయి. మీకు వెంటనే స్పందించలేకపోతే దయచేసి క్షమించండి. ఈ నంబరులో ఇచ్చే సమాచారాన్ని వైద్య సలహాగా భావించరాదు. ధరలు ముందస్తు సూచన లేకుండా మారవచ్చు. రిపోర్టుల ఆలస్యానికి సంస్థ బాధ్యత వహించదు.”

ఇందులో ఒక్క మాటా అబద్ధం కాకపోవచ్చు. రాసినవాళ్ళ ఉద్దేశమూ మంచిదే కావచ్చు. కానీ అవతల ఆవిడ టీ గిన్నె స్టవ్ మీద పెట్టేసింది, కొడుకు ఈ పేరా అంతా చదివి తన ప్రశ్న ఎక్కడ అడగాలో వెతుక్కుంటున్నాడు. ఇలాంటి జవాబులు ఇవాళ బట్టల షాపుల నుంచి కాలేజీ అడ్మిషన్ల ఆఫీసుల దాకా అన్నిచోట్లా కనిపిస్తున్నాయి. మర్యాద అనుకుని రాసే ఈ మాటలు అడగడానికి వచ్చిన మనిషిని ఎందుకు ఆపేస్తాయో తెలియాలంటే, ముందు ఆ ‘హాయ్’ చేసే పనేమిటో చూడాలి.

మాటల్ని ఎవరు ఎలా మొదలుపెడతారన్న దాని మీద ఇమాన్యుయల్ షెగ్లాఫ్ అనే అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త 1968లో ఒక వ్యాసం ప్రచురించాడు. ఒక విపత్తు సమయంలో పోలీసులకు వచ్చిన, పోలీసులు చేసిన ఫోన్ కాల్స్ రికార్డులు ఆయన ముందున్నాయి. దాదాపు 500 కాల్స్ మొదళ్ళు విన్నాడు. ఫోను ఎత్తినవాళ్ళే ముందు మాట్లాడతారు అన్న సూత్రం అన్నిటికీ సరిపోయింది, ఒక్కదానికి తప్ప. ఆ ఒక్క కాల్‌లో ఎత్తినవాళ్ళు ఏమీ అనలేదు. కాసేపు నిశ్శబ్దం, ఆ తర్వాత చేసినవాళ్ళే ‘హలో’ అన్నారు. 500లో ఒకటే కదా అని షెగ్లాఫ్ దాన్ని పక్కన పెట్టలేదు. ఆ ఒక్కటి కూడా ఇమిడేలా తన సూత్రాన్నే మళ్ళీ రాసుకున్నాడు. ఫోను మోగడమే ఒక పిలుపు, ఎత్తినవాళ్ళు అనే ‘హలో’ ఆ పిలుపుకి జవాబు అన్నాడు. ఎత్తినవాళ్ళు పలకలేదు కాబట్టి చేసినవాళ్ళు ‘హలో’ అని రెండోసారి పిలిచారు. అంతే తప్ప సూత్రం తప్పలేదు.

ఆయన చెప్పినదాంట్లో మనకి కావలసిన ముక్క ఇంకొకటి ఉంది. పిలుపు, దానికి జవాబు, ఈ రెండూ కలిసినా సంభాషణ పూర్తి కాదు. అవి సంభాషణకి గుమ్మం మాత్రమే. జవాబు రాగానే, ఎందుకు పిలిచారో చెప్పే బాధ్యత పిలిచినవాళ్ళ మీద పడుతుంది, వినే బాధ్యత పలికినవాళ్ళ మీద పడుతుంది. అంటే జవాబు చేయాల్సిన పని ఒక్కటే, వంతుని తిరిగి పిలిచినవాళ్ళకి అప్పగించడం. మనవాళ్ళు ఫోను ఎత్తి “ఆఁ, చెప్పండి” అన్నప్పుడు సరిగ్గా ఆ పనే చేస్తున్నారు.

వాట్సాప్‌లో వచ్చే ఉత్త హాయ్ కూడా ఫోను మోగడం లాంటిదే. పంపినవాళ్ళు దాంతో కొన్ని సంగతులు తేల్చుకుంటారు. ఈ నంబరు పనిచేస్తోందా, ఎవరైనా ఉన్నారా, తెలుగులో అడిగితే అర్థమవుతుందా అని. ఈ మూడోది తక్కువ విషయం కాదు. తెలుగుని ఇంగ్లీషు అక్షరాల్లో టైపు చేసే మనుషులు మనలో చాలామంది. వాళ్ళు పెట్టే హాయ్ ఏ భాషదీ కాదు. జవాబు ఏ భాషలో వస్తే ఆ భాషలోనే మిగతాది అడగాలేమో అనుకుంటారు. ‘నమస్తే, చెప్పండి’ అని వస్తే ధైర్యంగా తెలుగులో అడుగుతారు. పది లైన్ల ఆఫీసు ఇంగ్లీషు వస్తే కొందరు అడగకుండానే ఊరుకుంటారు.

ఇప్పుడు ల్యాబ్ పెట్టిన జవాబులోని భాగాలు చూద్దాం. మొదటిది పరిచయం. ఆయన ఆ ల్యాబ్‌ని వెతుక్కునే వచ్చాడు. చాట్ పైన పేరు కనిపిస్తూనే ఉంది. ఆ పేరు నొక్కితే ప్రొఫైల్‌లో అడ్రసు, పనివేళలు ఉంటాయి. తన చేతిలో ఉన్న సమాచారాన్నే తనకి మళ్ళీ వినిపించినట్టయింది. పైగా నోటిఫికేషన్‌లో కనిపించేది మెసేజ్ మొదటి మాటలే. ఎక్కువ పొడవైతే వాట్సాప్ మిగతాది మడిచిపెట్టి, నొక్కితేనే చూపిస్తుంది. చివర్లో ఎక్కడో ‘మీకేం కావాలి’ అని అడిగినా అది కనబడే అవకాశం తక్కువ.

రెండోది క్షమాపణ. నన్నడిగితే మర్యాద పేరుతో జరిగే ఎక్కువ నష్టం ఇక్కడే ఉంది. క్షమాపణ అంటే ఒక తప్పు జరిగిందని ఒప్పుకోవడం, ఆ తప్పు ఏమిటో ఇద్దరికీ తెలిసి ఉండడం. ఏమీ జరగకముందే క్షమించమంటే, ఏదో జరగబోతోందన్న అనుమానం వినేవాళ్ళలో పుడుతుంది. అదీగాక, క్షమాపణకి బదులు చెప్పాల్సి వస్తుంది. మనిషి పంపిన మెసేజ్ అనుకుని ‘ఫర్వాలేదండీ’ అని టైపు చేసేవాళ్ళని చూశాను. అడగడానికి వచ్చినవాళ్ళే ఓదార్చాల్సి వచ్చింది. ఇక నిజంగా ఆలస్యమై, రిపోర్టు రావాల్సిన రోజున రాకపోయినప్పుడు, ‘క్షమించండి’ అన్న ఆ మాటకి బరువు మిగలదు. ప్రతి హాయ్‌కీ దాన్ని ఖర్చుపెట్టేశాం కదా.

మూడోది, బాధ్యత మాది కాదన్న హెచ్చరికలు. ఇవి అనవసరం అని నేను అనను. వాటి చోటు అది కాదంటాను. భాషా తత్వవేత్త పాల్ గ్రైస్ 1975లో అచ్చయిన ఒక వ్యాసంలో చెప్పినట్టు, సంభాషణలో మనం అవతలివాళ్ళు అవసరమైనంతే చెబుతారని ఆశిస్తాం. అంతకు మించి చెబితే దానికేదో కారణం ఉంటుందని వెతుకుతాం. ఎవరూ అడగకుండానే ‘ఆలస్యానికి మా బాధ్యత లేదు’ అంటే, ఇక్కడ రిపోర్టులు ఆలస్యమవుతుంటాయి కాబోలు అనే ఎవరికైనా తోస్తుంది. అదీకాక, మొదట్లో గుంపుగా చదివిన హెచ్చరిక అవసరమైన క్షణానికి గుర్తుండదు.

అదే ల్యాబ్‌లో ఆ పొద్దుట సంభాషణ ఇలా జరిగిందనుకోండి. ఆయన ‘హాయ్’ అన్నాడు. ఇవతల నుంచి ‘నమస్తే అండీ, చెప్పండి’ అని వచ్చింది. ‘అమ్మకి షుగర్ టెస్టుకి వస్తున్నాం, టీ తాగొచ్చా?’ అని అడిగాడు. దీనికి ఒకే జవాబు లేదు. ఫాస్టింగ్ షుగర్ పరీక్ష అయితే కనీసం 8 గంటలు ఏమీ తినకూడదు, మంచినీళ్ళు తప్ప టీ కూడా వద్దు. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ ఒక్కటే అయితే పరగడుపున రావాల్సిన పనిలేదు. అందుకని ల్యాబ్ అమ్మాయి ‘చీటీలో ఏ టెస్టు రాశారండీ? ఫొటో పెట్టండి’ అంది. ఫొటో వచ్చింది, ఫాస్టింగ్ అని ఉంది. ‘టీ ఆపండి, నీళ్ళు తాగొచ్చు’ అని చెప్పింది. ఆయన వెంటనే ఇంకోటి అడిగాడు. ‘మరి షుగర్ మాత్ర వేసుకుని రావచ్చా?’ ఇదిగో, హెచ్చరికకి ఇదీ చోటు. ‘మందుల సంగతి మేం చెప్పకూడదండీ, మీ డాక్టరుగారిని అడిగి రండి’ అంది. ఇందాక పేరా మధ్యలో ఎవరికీ పట్టని ‘వైద్య సలహాగా భావించరాదు’ అన్న వాక్యమే ఇది. ఈసారి అది ఒక మనిషిని కాపాడే మాట అయింది, ఎందుకంటే అడిగిన ప్రశ్నకి ఆనుకుని వచ్చింది.

అన్ని జవాబులూ రెండు మాటల్లోనే ఉండాలన్న పట్టుదల కూడా తప్పే. కొన్ని సంగతులు మొదట్లోనే చెప్పాలి. అవతల మనిషి లేకపోతే లేడనే చెప్పాలి. రాత్రి పదకొండింటికి ‘నమస్తే, చెప్పండి’ అని వచ్చి, ఆ తర్వాత పొద్దుటిదాకా ఉలుకూ పలుకూ లేకపోతే, అది పెద్ద పేరా కన్నా ఎక్కువ మోసం. పలికినవాళ్ళు వినాలి, వినేవాళ్ళు లేనప్పుడు పలకకూడదు. అప్పుడు ‘ఇప్పుడు ఎవరూ లేరు, ఉదయం 7కి జవాబిస్తాం, అర్జెంటైతే ఈ నంబరుకి ఫోన్ చేయండి’ అంటే చాలు. అలాగే జవాబిచ్చేది మనిషి కాక ప్రోగ్రామ్ అయితే ఆ సంగతి దాచకూడదు. కొనిపించడానికో ఓటు వేయించడానికో ప్రోగ్రామ్‌ని మనిషిలా చూపి మోసం చేయకూడదని కాలిఫోర్నియాలో 2019 జూలై నుంచి చట్టమే ఉంది. కానీ దానికి ‘ఇది ఆటోమేటిక్ జవాబు’ అన్న ఒక్క ముక్క సరిపోతుంది. ఆ ప్రోగ్రామ్ ఏమేం చేయలేదో జాబితా చదవనక్కర్లేదు. వంద రకాల పనులు ఒకే నంబరులో చేసిపెట్టే ప్రభుత్వ సేవల వంటి చోట మెనూ చూపించడం కూడా సబబే, ఎందుకంటే అక్కడ మెనూయే ‘చెప్పండి’ అన్నమాట.

వాట్సాప్ బిజినెస్ వాడే షాపులవాళ్ళకి దీన్ని సరిచేయడం పెద్ద పని కాదు. సెట్టింగ్స్‌లో గ్రీటింగ్ మెసేజ్ అని ఒకటుంటుంది. మొదటిసారి రాసినవాళ్ళకీ, 14 రోజులుగా సంభాషణ లేనివాళ్ళకీ తనంతట అదే వెళ్ళేది అదే. అందులో ఒక్క లైను ఉంచండి. అవే మెసేజ్ అని ఇంకోటుంటుంది, షాపు మూసి ఉండే వేళలకి దాన్ని పెట్టుకోవచ్చు. ఎప్పుడు తెరుస్తారో అందులో రాయండి. ధరలు మారే సంగతి, వాపసు నియమాలు, మందుల గురించి చెప్పకూడదన్న సంగతి, ఇవన్నీ క్విక్ రిప్లైలుగా దాచుకోండి. ‘/’ నొక్కితే వస్తాయి, ఎవరైనా అడిగినప్పుడు ఆ ఒక్కటే పంపొచ్చు. ఒక్క నియమం కూడా వదులుకోవాల్సిన పనిలేదు, అది వచ్చే సమయం మారుతుందంతే.

ఇది చదివాక, మీ షాపు నంబరుకి ఇంట్లో ఇంకొకరి ఫోను నుంచి ‘హాయ్’ అని పెట్టి చూడండి. ఈ 14 రోజుల్లో మీ షాపుతో మాట్లాడని ఫోను అయి ఉండాలి, లేకపోతే ఆ మెసేజ్ రాదు. వచ్చింది చదివాక, ఇప్పుడు అడగొచ్చని మీకే అనిపించకపోతే ఆ మెసేజ్ తీసేయండి.