స్క్రీన్‌షాట్‌లో ఐదు ప్రశ్నలు

మా ఆఫీసు యూనిఫారాలు కుట్టే విజయవాడ వ్యాపారి వాట్సాప్‌లో పంపిన మెసేజ్‌ను మేనేజర్ స్క్రీన్‌షాట్ తీసి నాకు పంపారు, ‘మెయిల్‌లో జవాబివ్వండి’ అంటూ. నాలుగు ప్రశ్నలకూ ప్రశ్నగుర్తు ఉంది. ఐదోది మాత్రం ‘బిల్లు ఎవరి పేరున రాయాలో చెప్పగలరు’ అని మామూలు వాక్యంలా మధ్యలో నక్కింది. ఇలాంటిదే తప్పిపోతుంది. అందుకే ముందు ప్రశ్నలన్నీ కాగితం మీద వరసగా రాసుకున్నాను.

ఆయన అడిగిన వరసలోనే, ఒక్కో ప్రశ్నను క్లుప్తంగా తిరగరాసి, దాని కిందే జవాబిచ్చాను:

‘నమస్కారమండీ. మీ ప్రశ్నలకు వరసగా జవాబులివి.
1. ఎన్ని చొక్కాలు? 40.
2. సైజులు? 38వి 15, 40వి 25.
3. బిల్లు ఎవరి పేరున? మా హైదరాబాద్ ఆఫీసు పేరున. జీఎస్టీ నంబరు జతచేశాను.
4. డెలివరీ ఎక్కడ? అదే ఆఫీసుకు.
5. అడ్వాన్సు ఎంత? అకౌంట్స్ వారినడిగి గురువారంలోగా చెబుతాను.’

ఐదోదానికి జవాబు లేదని వదిలేస్తే ఆయన మళ్లీ ఫోన్ చేయాల్సిందే.

జీఎస్టీ నంబరు స్క్రీన్‌షాట్ చూసి టైప్ చేస్తే సున్నా, ‘ఓ’ తారుమారవుతాయి. అందుకే సర్టిఫికెట్ పీడీఎఫ్ నుంచి కాపీ చేశాను. ఆ 15 అక్షరాల్లో మొదటి రెండూ రాష్ట్రానివి: తెలంగాణకు 36, ఆంధ్రప్రదేశ్‌కు 37. మాది 36తో మొదలైందో లేదో చూసుకున్నాకే పంపాను.